మార్చి 31న ఆ పన్నెండు చీరలు ఎవరి లెక్కలోకి?

ధర్మవరంలోని ఒక పట్టుచీరల హోల్‌సేల్ వ్యాపారి లెక్క తీసుకుందాం. 2025 ఫిబ్రవరి 10న ఆయన విజయవాడలోని ఒక బట్టల షాపుకు 40 చీరలు పంపారు. నచ్చినవి ఉంచుకోవచ్చు, నచ్చనివి 60 రోజుల్లోగా తిప్పి పంపొచ్చు అన్నది మాట. ఒక్కో చీర ఆయనకు పడిన ధర రూ.6,000. షాపుకు వేసిన ధర రూ.7,500. గుమస్తా అదే రోజు 40 చీరలనూ మామూలు అమ్మకంలాగే పుస్తకంలో రాసేశాడు. షాపు ఖాతాలో రూ.3,00,000 బాకీ చూపించాడు.

మార్చి 31 వచ్చేసరికి పరిస్థితి ఇదీ: షాపు 22 చీరలు ఉంచుకుంటామని రాసి పంపింది. 6 చీరలను మార్చి 20న వెనక్కి పంపింది. మిగిలిన 12 చీరల గురించి అవునని గాని కాదని గాని చెప్పలేదు. అవి విజయవాడ షాపులోనే ఉన్నాయి.

ఖాతాలు మూసేటప్పుడు తిరకాసంతా ఈ పన్నెండింటి దగ్గరే. చీరలు ఇప్పుడు ఎక్కడున్నాయన్నది చూస్తే జవాబు దొరకదు. బిల్లు రాశామా లేదా అన్నది చూసినా దొరకదు. మార్చి 31 నాటికి వాటి యాజమాన్యం చేతులు మారిందా అన్నదే చూడాలి.

చట్టం ఏమంటుంది

1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలోని 24వ సెక్షన్ ఈ సంగతి గురించే. సరుకును అప్రూవల్ మీద గాని, ‘అమ్మకం లేదా వాపసు’ షరతు మీద గాని ఇచ్చినప్పుడు అది కొనేవాడి సొత్తు అయ్యే సందర్భాలు మూడు. మొదటిది, ఉంచుకుంటున్నానని అతను అమ్మినవాడికి తెలియజేయడం. రెండోది, నోటితో చెప్పకపోయినా, అది తన సొంతమైనట్టు దానితో ఏదైనా పని చేయడం. మూడోది, వద్దని చెప్పకుండా సరుకును దగ్గరే ఉంచుకుని గడువు దాటనివ్వడం. గడువు ఏదీ పెట్టుకోకపోతే, ఆ సరుకు తీరును బట్టి సమంజసమైన కాలం గడిచాక అది అమ్మకమే అవుతుంది.

ఈ మూడింటిలో ఏదీ జరగనంతవరకు సరుకు పంపినవాడిదే. అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 9 అనుబంధం కూడా ఇదే గీత గీసింది. కొనుగోలుదారు అంగీకరించేదాకా, లేదా అంగీకరించినట్టయ్యే పని చేసేదాకా, లేదా తిప్పి పంపే గడువు ముగిసేదాకా దాన్ని రాబడిగా చూపకూడదు.

మన లెక్కలో 60 రోజుల గడువు ఏప్రిల్ 11న ముగుస్తుంది. మార్చి 31 నాటికి ఇంకా పదకొండు రోజులుంది. షాపు ఏమీ చెప్పలేదు. కాబట్టి ఆ రోజు రాత్రికి 12 చీరలూ ధర్మవరం వ్యాపారివే. విజయవాడ షాపులో ఉన్నా అవి ఆయన సరుకే.

రెండు పద్దులు

దీన్ని సరిచేయడానికి రెండు చిట్టా పద్దులు కావాలి. వాపసు వచ్చిన 6 చీరల సంగతి మార్చి 20నే తేలిపోయింది. అమ్మకాల వాపసుగా రూ.45,000 రాశారు, చీరలు గోదాములోకి చేరి అక్కడి లెక్కలో కలిశాయి. ఇక మిగిలినవి పన్నెండు.

మొదటి పద్దులో అమ్మకాన్ని వెనక్కి తీసుకోవాలి. అమ్మినప్పుడు అమ్మకపు ధరకు రాశాం కాబట్టి వెనక్కి తీసుకునేదీ అమ్మకపు ధరకే: 12 × 7,500 = రూ.90,000.

అమ్మకాల ఖాతా డెబిట్ … రూ.90,000
విజయవాడ షాపు ఖాతా క్రెడిట్ … రూ.90,000

రెండో పద్దులో ఆ చీరలను సరుకుగా చూపాలి. సరుకును లెక్కకట్టేది పడిన ధరకు: 12 × 6,000 = రూ.72,000.

ఖాతాదారుల దగ్గరున్న సరుకు ఖాతా డెబిట్ … రూ.72,000
వర్తకపు ఖాతా క్రెడిట్ … రూ.72,000

ఈ రూ.72,000 వర్తకపు ఖాతాలో ముగింపు సరుకుతో పాటు కనిపిస్తుంది. ఆస్తి అప్పుల పట్టీలో ఆస్తుల వైపు కూడా వస్తుంది. షాపు నుంచి రావలసిన బాకీ మాత్రం రూ.2,55,000 నుంచి రూ.1,65,000కు తగ్గుతుంది.

ఇప్పుడు ఈ సరుకు మీద లాభం చూద్దాం. నిజంగా అమ్ముడైనవి 22 చీరలు. అమ్మకం రూ.1,65,000, వాటికి పడిన ధర రూ.1,32,000, స్థూల లాభం రూ.33,000. ఈ రెండు పద్దులూ రాయకుండా పుస్తకాలు మూసేస్తే 34 చీరలు అమ్మినట్టు చూపుతుంది. అమ్మకం రూ.2,55,000, పడిన ధర రూ.2,04,000, లాభం రూ.51,000. ఈ రెండు లాభాల తేడా రూ.18,000. ఇంకా రాని లాభం అది. దాని మీద ఆదాయపన్ను కట్టినా, ఆ లాభం చూపించి బ్యాంకులో అప్పు అడిగినా, ఆ పునాది కిందే పగులు ఉన్నట్టు.

సగం సరిచేస్తే

పరీక్షల్లోనైనా, కొట్లోనైనా ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు పద్దుల్లో ఒకదాన్ని వదిలేయడం వల్లో, రెండోదానికి తప్పు ధర వేయడం వల్లో వస్తాయి. ఒక్కోదాని ఫలితం ఒక్కోలా ఉంటుంది.

అమ్మకం వెనక్కి తీసుకుని సరుకు చూపడం మరిచిపోతే, 12 చీరలు ఎక్కడా లేకుండా పోతాయి. అమ్మకాల్లోనూ ఉండవు, సరుకులోనూ ఉండవు. లాభం రూ.33,000 ఉండాల్సిన చోట రూ.39,000 నష్టం కనిపిస్తుంది. తేడా సరిగ్గా రూ.72,000.

సరుకు చూపి, అమ్మకం వెనక్కి తీసుకోవడం మరిచిపోతే, అవే చీరలు అమ్మినట్టూ ఉంటాయి, కొట్లో ఉన్నట్టూ ఉంటాయి. లాభం రూ.1,23,000కు ఎగబాకుతుంది. ఉండాల్సినదానికంటే రూ.90,000 ఎక్కువ.

మూడో పొరపాటు వీటికంటే మాయలమారిది. రెండు పద్దులూ రాస్తారు, కాని సరుకును కూడా అమ్మకపు ధరకే, అంటే రూ.90,000కే చూపిస్తారు. అప్పుడు ఒక పద్దు తగ్గించిన లాభాన్ని రెండోది మళ్లీ పెంచేస్తుంది. లాభం మళ్లీ రూ.51,000 దగ్గరికే వస్తుంది. రెండు పద్దులు రాశాం కదా, సరిచేశాం కదా అన్న తృప్తి తప్ప ఒరిగిందేమీ ఉండదు. దీన్ని పట్టుకోవడానికి సులువైన దారి ఒకటుంది. రెండు పద్దుల మొత్తాలూ సమానంగా ఉంటే ఎక్కడో తప్పు చేశారన్నమాటే. వాటి మధ్య తేడా ఆ సరుకు మీద మీరు ఆశించే లాభానికి సరిపోవాలి.

పడిన ధర లెక్క తీయడంలోనూ చాలామంది జారిపడతారు. పడిన ధర నేరుగా ఇవ్వకుండా 25 శాతం లాభం అని మాత్రమే చెప్పినప్పుడు, ఆ శాతం దేని మీదో చూడాలి. మన వ్యాపారి లాభం పడిన ధర మీద 25 శాతం. కాబట్టి రూ.90,000ను 125తో భాగించి 100తో హెచ్చిస్తే రూ.72,000 వస్తుంది. అదే 25 శాతం అమ్మకపు ధర మీద అయితే పడిన ధర రూ.67,500 అవుతుంది. మాట ఒకటే అయినా సరుకు విలువ రూ.4,500 మారిపోతుంది.

పడిన ధర వేయడం కూడా అన్ని వేళలా సరి కాదు. ఆ చీరల ఫ్యాషన్ పోయి, వెనక్కి వస్తే ఒక్కోటి ఖర్చులు పోను రూ.5,500 మించి రాదని తేలితే, సరుకును రూ.72,000కు చూపకూడదు. పడిన ధర, చేతికి వచ్చే నికర ధర రెండింటిలో ఏది తక్కువైతే అదే వేయాలి. అప్పుడు విలువ రూ.66,000.

రానిబాకీల కోసం పక్కన పెట్టే మొత్తాన్ని కూడా ఈ సవరణ తర్వాతే లెక్కకట్టాలి. బాకీల మీద 2 శాతం పెట్టే అలవాటుంటే, ముందే లెక్కేసినప్పుడు ఈ రూ.90,000 మీద రూ.1,800 అనవసరంగా కేటాయించినట్టు. అమ్మని సరుకుకు బాకీ ఉండదు, బాకీ లేనిచోట రానిబాకీ ఉండదు.

గడువు ఒక్కటి మారితే

ఇదే లెక్కలో ఒక్కటి మారుద్దాం. గడువు 60 రోజులు కాదు, 30 రోజులు అనుకోండి. చీరలవే, షాపదే, మౌనమూ అదే. కాని గడువు మార్చి 12నే ముగిసింది. షాపు వద్దని చెప్పలేదు, 12 చీరలను వెనక్కి పంపలేదు. కాబట్టి మార్చి 12 తర్వాత అవి షాపువే.

ఇప్పుడు రాయాల్సిన పద్దేమీ లేదు. బాకీ పూర్తిగా నిలబడుతుంది, రూ.18,000 లాభం ఈ సంవత్సరానిదే. మార్చి 20న తిప్పి పంపిన 6 చీరల సంగతీ ఇక్కడ మారిపోతుంది. గడువు దాటాక వెనక్కి తీసుకోవాలన్న బాధ్యత హోల్‌సేల్ వ్యాపారికి లేదు. తీసుకున్నారంటే అది ఆయన మర్యాద కోసం ఒప్పుకున్న వాపసు.

అందుకే మార్చి 31న మొదట చూడాల్సిన కాగితం చలాన్ మీద రాసిన గడువు. అక్కడ గడువు ఏదీ లేకపోతే, సమంజసమైన కాలం ఎంత అన్న వాదన మొదలవుతుంది. పెళ్లిళ్ల సీజన్ కోసం పంపిన పట్టుచీరకు ఒక లెక్క, ఏడాదంతా అమ్ముడయ్యే సరుకుకు ఇంకో లెక్క. గడువు రాయకుండా పంపిన సరుకు మీద ఆడిటర్‌తో, ఆ తర్వాత ఖాతాదారుతో గొడవ తప్పదు.

చెప్పకుండానే అమ్మేస్తే

24వ సెక్షన్ చెప్పిన రెండో సందర్భం పుస్తకాలకు అందకుండా జారిపోతుంది. 12 చీరలూ షాపులో ఉన్నాయనుకున్నాం. కాని అందులో 3 చీరలను షాపు మార్చి 29న తన కౌంటర్ మీద అమ్మేసిందనుకోండి. హోల్‌సేల్ వ్యాపారికి కబురు చేయలేదు. అయినా ఇంకొకరికి అమ్మడం అంటే సొంతం చేసుకున్నట్టే. ఆ క్షణానే ఆ మూడూ షాపుకు అమ్ముడైపోయాయి.

తాకట్టు పెట్టినా అంతే. 1897లో ఇంగ్లండులోని కిర్‌ఖమ్ వర్సెస్ అటెన్‌బరో కేసులో అమ్మకం లేదా వాపసు షరతు మీద నగలు తీసుకున్న మనిషి వాటిని తాకట్టు వ్యాపారి దగ్గర కుదువ పెట్టాడు. తాకట్టు పెట్టడమే సొంతం చేసుకున్న పని అయిందని అక్కడి కోర్టు చెప్పింది. నగలు ఇచ్చిన కిర్‌ఖమ్ వాటిని తాకట్టు వ్యాపారి నుంచి వెనక్కి తీసుకోలేకపోయాడు. ధర కోసం తీసుకెళ్లిన మనిషి వెంటపడటమే అతనికి మిగిలింది.

మన లెక్కలో ఆ మూడు చీరలు కలిపితే అమ్ముడైనవి 25. అమ్మకం రూ.1,87,500, లాభం రూ.37,500. వెనక్కి తీసుకోవాల్సింది 9 చీరలకే, అంటే రూ.67,500. సరుకుగా చూపాల్సింది రూ.54,000. ఈ సంగతి మన పుస్తకం చెప్పదు. షాపును అడగాలి. సరుకు వేరేవాళ్ల దగ్గర ఉన్నప్పుడు వారి నుంచి ధ్రువీకరణ లేఖ తెప్పించుకోవడమో, వెళ్లి చూడటమో చేయాలని ఆడిట్ ప్రమాణం ఎస్‌ఏ 501 ఆడిటర్లకు చెప్పేది ఇందుకే.

అడిగేటప్పుడు షాపువారి లెక్కా చూడాలి. తమ కొట్లో ఉన్నాయి కాబట్టి ఆ చీరలను వాళ్లూ తమ ముగింపు సరుకులో కలుపుకున్నారనుకోండి, అవే చీరలు రెండు వ్యాపారాల ఆస్తిగా కనిపిస్తాయి. ఒప్పుకోని సరుకు షాపు పుస్తకాల్లో కొనుగోలుగానూ ఉండకూడదు, సరుకుగానూ ఉండకూడదు.

ఇంకో చిక్కు బీమాది. వేరే ఒప్పందం లేకపోతే, సరుకు ఎవరి సొత్తో నష్టమూ వారిదేనని అదే చట్టంలోని 26వ సెక్షన్ చెబుతుంది. షాపు తప్పేమీ లేకుండా అగ్నిప్రమాదంలో ఆ 12 చీరలు కాలిపోతే రూ.72,000 నష్టం ధర్మవరం వ్యాపారి మీద పడుతుంది. ఆయన పాలసీ తన గోదాము చిరునామాకే పరిమితమైతే ఆ నష్టానికి పరిహారం రాదు.

ఏప్రిల్‌లో ఏం చేయాలి

మళ్లీ అసలు లెక్కకు వస్తే, ఏప్రిల్ 8న షాపు ఆ 12లో 7 చీరలు ఉంచుకుని 5 తిప్పి పంపింది. మార్చి ఖాతాలు అప్పటికి ఇంకా మూసి ఉండకపోవచ్చు. అయినా ఆ 7 చీరలను పాత సంవత్సరంలోకి లాగకూడదు. మార్చి 31 నాటికి అవి అమ్ముడు కాలేదు. కొత్త సంవత్సరంలో రూ.52,500 అమ్మకం, రూ.10,500 లాభం వస్తాయి. రూ.72,000 సరుకు ఆ సంవత్సరానికి ప్రారంభ సరుకుగా మొదలవుతుంది.

ఇక్కడో పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది. మార్చిలో అమ్మకం వెనక్కి తీసుకున్నాక, ఏప్రిల్‌లో ఒప్పుకున్న చీరలకు కొత్త అమ్మకం రాయడం మరిచిపోతారు. ఫిబ్రవరిలోనే రాశాం కదా అనుకుంటారు. మే నెలలో షాపు రూ.52,500 పంపినప్పుడు ఆ ఖాతాలో ఈ సరుకు తాలూకు బాకీ ఉండదు. ఆ డబ్బు అడ్వాన్సులాగా క్రెడిట్ నిల్వగా మిగిలిపోతుంది. ఎప్పుడూ అడ్వాన్సు ఇవ్వని ఖాతాదారు పేరు మీద క్రెడిట్ నిల్వ కనిపిస్తే, మొదట వెతకాల్సింది ఇలా తప్పిపోయిన అమ్మకం కోసం.

జీఎస్టీ గడియారం వేరు

జీఎస్టీ చట్టంలోని 31వ సెక్షన్ 7వ ఉపసెక్షన్ ప్రకారం, అప్రూవల్ మీద పంపిన సరుకుకు పన్ను బిల్లును అమ్మకం ఖాయమైనప్పుడో, సరుకు బయటికి వెళ్లిన ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు ఇవ్వాలి. అప్పటిదాకా సరుకు డెలివరీ చలాన్ మీద వెళ్లొచ్చు. మన సరుకు విలువ రూ.50,000 దాటింది కాబట్టి చలాన్‌తో పాటు ఈ-వే బిల్లు కూడా ఉండాలి.

ఫిబ్రవరి 10న వెళ్లిన చీరలకు ఆగస్టు 10తో ఆరు నెలలు నిండుతాయి. మామూలుగా గడువు ఏప్రిల్ 11నే ముగుస్తుంది కాబట్టి ఆ తేదీ దాకా రాదు. షాపు అడిగిందని గడువును సెప్టెంబరు దాకా పొడిగిస్తే మాత్రం, షాపు ఇంకా ఒప్పుకోకపోయినా ఆగస్టులో పన్ను బిల్లు ఇవ్వక తప్పదు. 12 చీరల రూ.90,000 మీద 5 శాతం పన్ను రూ.4,500 కట్టాలి. అయితే పన్ను బిల్లు ఇచ్చినంత మాత్రాన ఖాతాల్లో అది రాబడి కాదు. పన్ను పడే రోజు, అమ్మకం అయ్యే రోజు వేరు కావొచ్చు.

మన గుమస్తా మొదటి రోజే అమ్మకం రాసినట్టు, పన్ను బిల్లు కూడా అప్పుడే ఇచ్చేస్తే చిక్కు తిరగబడుతుంది. తిరిగి వచ్చిన 6 చీరలకు క్రెడిట్ నోట్ ఇచ్చాక జీఎస్టీ రిటర్నుల్లో అమ్మకం రూ.2,55,000, ఖాతాల్లో రూ.1,65,000. ఈ రూ.90,000 తేడా ఎందుకొచ్చిందో అదే రోజు కాగితం మీద రాసి పెట్టుకోవాలి. నోటీసు వచ్చాక గుర్తు చేసుకోవడం కష్టం.

నాలుగు గళ్ల పుస్తకం

ఎప్పుడో ఒకసారి అప్రూవల్ మీద పంపేవారికి, మామూలు అమ్మకంలా రాసి సంవత్సరాంతంలో సరిచేసుకునే ఈ పద్ధతి చాలు. నెలనెలా పదిమందికి పంపేవారు మాత్రం దీన్ని వదిలేయడం మంచిది. వారికి ప్రత్యేకంగా అమ్మకం లేదా వాపసు పుస్తకం ఉండాలి. అందులో నాలుగు గళ్లు చాలు: పంపినవి, తిరిగి వచ్చినవి, ఒప్పుకున్నవి, మిగిలినవి. మన లెక్క ఆ గళ్లలో 40, 6, 22, 12. వెనక మూడూ కలిపితే మొదటిది రావాలి. ఖాతాదారు ఒప్పుకున్నప్పుడే అసలు ఖాతాల్లోకి అమ్మకం వెళుతుంది. కాబట్టి మార్చి 31న వెనక్కి తీసుకోవాల్సిన అమ్మకమే ఉండదు. నాలుగో గడిలోని సరుకును పడిన ధరకు ముగింపు సరుకులో కలిపితే సరిపోతుంది.

ఒక్క హెచ్చరిక. డబ్బు కట్టి సరుకు కొన్నాక పది రోజుల్లో తిప్పి ఇవ్వొచ్చనే ఆన్‌లైన్ అమ్మకాలను దీనితో కలపకండి. అక్కడ అమ్మకం జరిగిపోయింది, వాపసు హక్కు మాత్రమే మిగిలింది. ఇండ్-ఏఎస్ 115 పాటించే కంపెనీలు అలాంటి చోట వెనక్కి వస్తుందనుకున్న సరుకును అంచనా వేసి, తిరిగి ఇవ్వాల్సిన డబ్బును అప్పుగా చూపుతాయి. ప్రయత్నించి చూడమని ఇచ్చి, గడువు దాటేదాకా డబ్బు కట్టనవసరం లేని సరుకును మాత్రం ఆ ప్రమాణం కూడా మన 12 చీరల్లాగే చూస్తుంది.

మీ దగ్గర అప్రూవల్ మీద వెళ్లిన సరుకు ఉంటే, మార్చి నెలాఖరులో ప్రతి ఖాతాదారుకూ ఒక లేఖ పంపండి. మా సరుకు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎన్ని మీరు ఇప్పటికే అమ్మారు అని రెండే ప్రశ్నలు అడగండి. ఆ జవాబులు, చలాన్ మీది గడువు తేదీ పక్కపక్కన పెట్టుకుంటే ఏ చీర ఎవరిదో తేలిపోతుంది. పద్దులు రాయడం ఆ తర్వాత అరగంట పని.